అరువు తెచ్చిన అలవాట్లు

కిందటి వారం భూతద్దాన్ని ఒక తెల్లకాగితం ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇవాళే కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. భూతద్దం అన్నది బట్టల మిల్లులో ఆయనకి తోటివాళ్లు పెట్టిన పేరు. గుడ్డ తనిఖీ చెయ్యడం ఆయన ఉద్యోగం. లోపల దీపాలు వెలిగే గాజుబల్ల మీదుగా గుడ్డ తానులు తానులుగా జారిపోతూ ఉంటే, పోగు తెగిన చోట, ముడి పడిన చోట, నూనె మరక అంటిన చోట సుద్దతో గుర్తు పెట్టి అంచుకి ఎర్రదారం కట్టాలి. ఆ గదిలో ఆయన కన్ను తప్పించుకున్న మరక ఇంతవరకు పుట్టలేదని చెప్పుకుంటారు. ఆయన భార్య పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వాళ్ల కాపురానికి ముప్పై ఏళ్లు దాటాయి. ఆవిడకి వేరే ఊళ్లో, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని వచ్చింది. ఉండడానికి గది ఇస్తారట. ఆ గదిలో మంచం ఒక్కటే పడుతుందట. సోమవారం పొద్దున్నకల్లా వస్తానో రానో చెప్పమన్నారు.

"వెళ్లిపోతావా?" అని ఆయన అడిగితే ఆవిడ ఏడవలేదు, విసుక్కోనూ లేదు.

"ఆదివారం మన పెళ్లిరోజు. బహుమతులేం వద్దు. ఒక ఉత్తరం రాసివ్వండి. అది చదివాక చెప్తాను" అంది.

ఇంతవరకే అయితే ఫరవాలేదు. దానికి షరతులు కూడా పెట్టింది. పెళ్లి సంగతి రాయకూడదు. ఇల్లు కొన్నది రాయకూడదు. అమ్మాయి పుట్టిన రోజు, ఆయనకి ఆపరేషనైన రోజు, ఆవిడ ఆస్పత్రి వరండాలో కూర్చున్న రాత్రి, ఏవీ రాయకూడదు. "అవి చుట్టాలందరికీ తెలుసు. ఎవర్నడిగినా చెప్తారు. ఏమీ జరగని రోజున నేనీ ఇంట్లో ఎలా ఉంటానో, అది రాయండి. ఒక్క పేజీ చాలు."

ఒక్క పేజీయే కదా అనుకున్నాడు భూతద్దం. శనివారం మధ్యాహ్నం ఆవిడ క్లినిక్కి వెళ్లాక భోజనాల బల్ల తుడుచుకుని, కాగితం సరిచేసుకుని, పెన్ను మూత తీసి దర్జాగా కూర్చున్నాడు.

మొదటి చిత్తు చకచకా వచ్చేసింది. ఇంత తేలిగ్గా వస్తున్నందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. "నువ్వు పాలగిన్నె మీద మూత పెట్టవు. సబ్బుని తడిలోనే వదిలేస్తావు. కత్తెర తీసిన చోట పెట్టవు. వీధిలైటు వెలిగాక కూడా బాల్కనీ లైటు ఆర్పవు. ఫోను ఛార్జింగు పూర్తిగా అయిపోయాక గానీ నీకు గుర్తు రాదు." పేజీలో సగం నిండింది. చదువుకుని తృప్తిగా తలాడించాడు కూడా. అన్నీ రోజూ జరిగేవే, అన్నీ చిన్నవే, షరతులకి ఒక్కటీ అడ్డు రాదు.

పక్క ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి ఫోన్ చేసి వినిపించాడు.

"నాన్నా, ఇది పెళ్లిరోజు ఉత్తరమా, మెమోనా?" అంది కూతురు.

"అన్నీ నిజాలే కదమ్మా."

"నిజాలే. చివర సంతకం పెట్టి తేదీ వేస్తే అమ్మని ఉద్యోగంలోంచి తీసేసినట్టే ఉంటుంది."

భూతద్దానికి తల కొట్టేసినట్టయింది. కాగితం మళ్లీ చూసుకున్నాడు. సుద్దగుర్తులు. పేజీ పొడుగునా సుద్దగుర్తులే. ముప్పై ఏళ్లు పక్కన మసిలిన మనిషిని బల్ల మీద పరిచి ఎర్రదారాలు కట్టాడు. మనిషిని తలుచుకోమంటే తన కన్ను తప్పుల దగ్గరే ఆగిపోతోందని అప్పటిదాకా ఆయనకి తెలియదు.

ఆ కాగితం చింపేసి రెండోది మొదలుపెట్టాడు. ఈసారి రెండో అంచుకి పోయాడు. "నా జీవితాకాశంలో వెలుగు నింపిన వెన్నెలా" అని ఎత్తుకుని, త్యాగం, సహనం, ఓర్పు అని వరసపెట్టి రాసుకుంటూ పోయాడు. కూతురు రెండో వాక్యంలోనే ఆపేసింది.

"ఇది ఎవరి భార్యకైనా సరిపోతుంది నాన్నా. పైన పేరు మార్చి పక్కింటి అంకుల్‌కి ఇచ్చినా ఆంటీ నమ్మేస్తుంది."

"మరెలా రాయాలో నువ్వే చెప్పు!"

కూతురు ఓపిగ్గానే చెప్పింది. "ఒక మామూలు రోజు తీసుకో. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అమ్మ వెనకాలే మనసులో తిరుగు. అమ్మ ఏం చేసింది, ఏ చేత్తో చేసింది, చేతిలో ఏ వస్తువుంది, అప్పుడు నువ్వెక్కడున్నావు, అది రాయి. తరవాత దానివల్ల నీకేమైందో ఒక్క ముక్క రాయి. మెచ్చుకోకు. 'థాంక్స్' చెప్పకు. అమ్మ చేసేవి అన్నీ ఏకరువు పెట్టకు, నాలుగైదు చాలు. కానీ అవి నువ్వు చూసినవి అయ్యుండాలి. గుర్తు రాకపోతే ఇవాళ సాయంత్రం అమ్మొచ్చాక ఊరికే కూర్చుని చూడు, రేపు పొద్దున్న రాయి."

సలహా బంగారం లాంటిది. కానీ భూతద్దానికి గుమ్మంలో సోమవారం నిలబడి ఉన్నట్టుంది. కూర్చుని చూసే ధైర్యం లేదు. చూసినా ఏమీ కనిపించకపోతే? ఆ భయం పైకి చెప్పుకోలేక మాట మార్చాడు.

"అవన్నీ ఎందుకు గానీ, నీకు గుర్తున్నవి నాలుగు చెప్పెయ్యి తల్లీ. రాసుకుంటాను."

"అవి నేను చూసినవి కదా నాన్నా?"

"ఎవరు చూస్తేనేం, అమ్మ అమ్మే కదా!"

కూతురు తటపటాయించింది. వద్దంటే తండ్రి మళ్లీ వెన్నెలెక్కి కూర్చుంటాడని భయమేసిందేమో, చెప్పింది. ఆయన గుండ్రటి అక్షరాల్లో తిరగరాసుకున్నాడు. పేజీ అడుగున రెండు వేళ్ల చోటు మిగిలింది. ఖాళీగా ఉంటే బాగుండదని తనకి తోచిన ఒక మాట ఇరికించి రాశాడు. రాశాక అది మరీ పిచ్చిదిలా అనిపించి కొట్టేద్దామనుకున్నాడు గానీ, కొట్టివేత ఉంటే పేజీ పాడవుతుందని వదిలేశాడు.

ఆదివారం పొద్దున్న ఆవిడ స్నానం చేసి, తడిజుట్టు తువ్వాలులో చుట్టుకుని, టీ కప్పుతో బల్ల దగ్గర కూర్చుంది. భూతద్దం కవరు తెచ్చి కప్పు పక్కన పెట్టాడు. పెట్టి, పరీక్ష కాగితం ఇచ్చేసిన పిల్లాడిలా ఎదురు కుర్చీలో తన టీ కప్పు ముందు సర్దుకున్నాడు. మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. అది ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం.

ఆవిడ కవరు చింపలేదు. అంచు మెల్లగా విప్పింది. కాగితం తీసి, బల్ల మీద అరచేత్తో చదును చేసి, పైకే చదవడం మొదలుపెట్టింది.

"'ఇవాళ మన పెళ్లిరోజు. నువ్వు చెప్పినట్టే పెద్ద సంగతులేవీ రాయడం లేదు. పొద్దున్న నువ్వు నాకంటే ముందే లేస్తావు. కిటికీ కర్టెను ఎడమచేత్తో సగమే తీస్తావు, ఎండ నా మొహమ్మీద పడకుండా. ఆ సగం వెలుతురులో ఇంకో పది నిమిషాలు పడుకోవడమంటే నాకెంతో ఇష్టం.'"

చదివి ఆగింది. కాగితం మీంచి కళ్లెత్తలేదు.

"బాగుంది" అంది.

భూతద్దం ఊపిరి పీల్చుకున్నాడు.

"మన గది కిటికీకి ఎదురుగా ఏముందండీ?"

"ఏముంది, పక్కవాళ్ల..." అని ఆగిపోయాడు.

"గోడ. పక్కవాళ్ల గోడ. చెయ్యి చాపితే అందుతుంది. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మన గదిలోకి ఎండ రావడం నేను చూడలేదు. మీ మొహమ్మీద ఎప్పుడు పడిందో మరి."

ఆయన తల తిప్పి గది వైపు చూశాడు.

"అది అమ్మాయి గది. దానికి ఎండ పడితే తలనొప్పి వచ్చేది. పరీక్షలప్పుడు పొద్దుపోయేదాకా చదివి పడుకునేది కదా, అందుకని సగం తీసేదాన్ని." కాగితం మీద వేలు కిందికి జరిపింది. "ఆ పది నిమిషాలు కూడా దానివే."

ఇంతకంటే ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. భూతద్దం తన కప్పులోకి చూశాడు. టీ మీద మీగడ కట్టింది. దాన్ని చెంచాతో తీసి సాసర్లో పెట్టడమే ఆ క్షణంలో అన్నిటికంటే ముఖ్యమైన పని అన్నట్టు తీసి పెట్టాడు.

"'పండు కోసినప్పుడు మొదటి ముక్కకి ఉప్పు అద్దుకుని నువ్వు రుచి చూస్తావు. తియ్యగా ఉంటేనే నాకు పెడతావు.'"

ఈసారి ఆవిడ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు.

"ఉప్పు డబ్బా ఎక్కడుందండీ?"

ఆయన బల్ల మీద వెతికాడు. డబ్బా తన చేతి దగ్గరే ఉంది. తను కంచం పెట్టుకునే చోటి పక్కన, తన నీళ్లగ్లాసుకి ఆనుకుని.

"ఎప్పుడూ అటే ఉంటుందా?"

"ఉండదా?"

"ఉండేది కాదు. మధ్యలో ఉండేది. కిందటేడు నాకు బీపీ ఉందన్నారు. ఉప్పు మానెయ్యమన్నారు. అప్పట్నుంచి వంటలో ఉప్పు తగ్గించేసి డబ్బా మీ వైపు పెట్టాను. మీరు రోజూ కూర నోట్లో పెట్టుకుని, చప్పగా ఉందని మొహం చిట్లించి, డబ్బా అందుకుని వేసుకుంటారు. ఎందుకు చప్పగా ఉందని ఒక్కసారైనా అడుగుతారేమో అని చూశాను."

"నాకు చెప్పాల్సింది కదా! బీపీ ఉంటే చెప్పొద్దూ?"

"చెప్పాను. మీరు టీవీ చూస్తున్నారు. 'మందులు వాడు' అన్నారు."

అన్నాడా? అనే ఉంటాడు. ఆ గొంతు తనదేననీ, ఏ విషయానికైనా తను అనే మాట అదేననీ ఆయనకి బాగా తెలుసు. కూరలో తగ్గిన ఉప్పుని నాలుక పట్టింది, ఎందుకు తగ్గిందో బుర్ర పట్టించుకోలేదు. మిల్లులో ఒక్క పోగు రంగు తేడాగా ఉంటే ఏ మగ్గం మీద నేశారో, నూలు ఎక్కడ మారిందో కనుక్కునే దాకా నిద్రపోడు. ఇంట్లో సంవత్సరం పాటు ఉప్పు వేసుకుంటూ కూర్చున్నాడు.

ఆవిడ చదవడం ఆపలేదు. గొంతు పెంచనూ లేదు. క్లినిక్‌లో పేరు పిలిచి లోపలికి పంపేటప్పుడు ఎలా ఉంటుందో ఆ గొంతు ఇప్పుడూ అలాగే ఉంది.

"'ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు కూనిరాగం తీస్తావు. నేను పక్కగదిలో ఉండి వింటూ ఉంటాను.'" కాగితం కిందపెట్టింది. "దీనికి మీరే చెప్పండి."

"ఏం చెప్పను?"

"ఎన్నాళ్లైంది విని?"

ఆయన గుర్తుచేసుకోబోయాడు. రాగం గుర్తు రాలేదు. ఏ పాటో గుర్తు రాలేదు. గుర్తొచ్చింది తన గొంతే. పక్కగదిలోంచి, చేతిలో రిమోటు, కాస్త విసుగు. 'కొంచెం ఆపుతావా, వార్తలు వినపడి చావట్లేదు!'

"ఆపమన్నాను" అన్నాడు.

"అన్నారు. ఆపేశాను. అది పెద్ద గొడవేం కాదు, అప్పుడు కోపం కూడా రాలేదు. మర్నాడు నోరు దానంతటదే తెరుచుకోలేదు, అంతే." ఆవిడ తువ్వాలు విప్పి జుట్టు వెనక్కి వదులుకుంది. "అమ్మాయి చెప్పింది కదూ ఇవన్నీ?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాడు. కానీ ఇక దాచిపెట్టి ప్రయోజనం లేదు. ఆయన కూర్చున్న చోట భూమి కాస్త చోటిస్తే దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈ వయసులో, తన ఇంట్లో, తన బల్ల దగ్గర, కాపీ కొట్టి పట్టుబడ్డాడు.

"దాన్నేమీ అనకు. వద్దని అది చెప్తూనే ఉంది. నేనే బతిమాలాను."

"దాన్నెందుకంటాను? అది చూసింది. దానికి గుర్తుంది. కూతురు గుర్తుపెట్టుకుందని తెలిసి సంతోషంగానే ఉంది నాకు." ఆ మాట దగ్గర ఆవిడ గొంతు మొదటిసారి తొణికింది. "మీ ఉత్తరం చదివి నాకు తెలిసింది ఇదండీ. ఈ ఇంట్లో నన్ను చూసిన మనిషి మూడేళ్ల కిందట ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. తరవాత నేనేమయ్యానో ఇందులో లేదు. అప్పటి నుంచి నేను ఈ ఇంట్లో ఉన్నానో లేదో కూడా ఇందులో లేదు."

భూతద్దం కుర్చీలో ఇంకాస్త కుంచించుకుపోయాడు. క్షమించమందామని నోరు తెరిచాడు. ఆ మాట కూడా రెండో చిత్తులో రాసిన వెన్నెల లాంటిదేననిపించి మూసేశాడు.

ఆవిడ కాగితం మడవబోయింది. అడుగున ఇరుగ్గా, మిగతా అక్షరాలకంటే చిన్నగా ఉన్న రెండు వరసలు కంటపడ్డాయి. దగ్గరికి తీసుకుని చదివింది. ఈసారి పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

భూతద్దానికి అందులో ఏముందో గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

అందులో ఉన్నది ఇది: 'బయటికి వెళ్లేటప్పుడు తాళం వేశాక తలుపుని అరచేత్తో రెండుసార్లు నెట్టి చూస్తావు. అప్పటికి నేను సగం మెట్లు దిగి ఉంటాను. ఆ చప్పుడు వినపడేదాకా నా కాలు కింది మెట్టు మీదికి పోదు.'

"ఇది అమ్మాయికి తెలియదు" అంది ఆవిడ.

"తెలియదు."

"నేను నెడతానా అలా?"

"రెండుసార్లు. మొదటిది గట్టిగా, రెండోది మెల్లిగా."

ఆవిడ తన కుడి అరచెయ్యి వంక చూసుకుంది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు కాసేపు అలాగే చూసింది. "నాకే తెలియదు" అంది. తరవాత కోపంగా అడిగింది. ఆ పొద్దున్నంతా రాని కోపం అప్పుడొచ్చింది. "దీన్ని ఎందుకండీ ఇంత చిన్నగా, అడుగున, ఎవరికీ కనపడకుండా రాశారు?"

"మరీ చిన్న సంగతి కదా అనిపించింది. ఇది రాస్తే నవ్వుతావేమోనని..."

"నేనడిగింది చిన్నదే కదా!"

ఆయన తన కప్పుని అటూ ఇటూ జరిపాడు.

"ఇదొక్కటే రాసి ఇచ్చి ఉంటే, పేజీ అంతా ఖాళీగా ఉన్నా, నాకు చాలేది." కాగితం తిప్పి, రాయని వైపు పైకి పెట్టింది. "సరే. మీరు రాశారు, నేను విన్నాను. నేను రాస్తే ఎలా రాస్తానో చెప్పనా?"

అక్కర్లేదని చెప్పే హక్కు భూతద్దానికి లేదు. తలూపాడు.

"మీరు చొక్కా విప్పాక కాలరు తిప్పి చూసుకుని గానీ తగిలించరు. టీ కప్పు చెవి ఎడమవైపుకి తిప్పి, అందరూ తాగని వైపు నుంచి తాగుతారు. బస్సులో కిటికీ పక్క సీటు నాకే వదిలేస్తారు, కూర్చోమని మాత్రం అనరు, మీరు అవతలి సీట్లో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంటారు, అంతే. కరెంటు పోతే ముందు నా కుర్చీ వెనక తడిమి చూస్తారు. నేనున్నానని తెలిశాక గానీ కొవ్వొత్తి కోసం వెళ్లరు. అప్పుడు నేను కావాలనే పలకను. మీ చెయ్యి వచ్చేదాకా ఆగుతాను."

ఆవిడ ఒక్కొక్కటీ చెబుతుంటే భూతద్దం బల్ల కింద వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పొగడ్త ఒక్కటి లేదు. తను ఇంతలా ఒకరి కంట్లో ఉన్నాడన్న సంగతి ఇన్నేళ్లూ తెలియదు. తెలిశాక సంతోషించాలి. కానీ సిగ్గే రెట్టింపయింది. ఇన్ని చూసిన మనిషికి అరువు తెచ్చిన ఎండని కవర్లో పెట్టి ఇచ్చాడు.

"ఇంకొకటుంది" అంది ఆవిడ. "అది రాయాలో వద్దో తెలియక ఇన్నాళ్లూ నేను మీకు ఉత్తరం రాయలేదు."

"ఏమిటది?"

"మిల్లు బస్సు దిగాక మీరు తిన్నగా ఇంటికి రారు. చెప్పుల షాపు ముందు సిమెంటు బెంచీ ఉంది చూడండి, దాని మీద కూర్చుంటారు. షాపువాడు లైట్లేసేదాకా అలాగే కూర్చుంటారు. క్లినిక్ నుంచి వస్తూ ఒకరోజు చూశాను. పలకరిద్దామని వీధి దాటబోయి, మీ మొహం చూసి ఆగిపోయాను. మర్నాడూ ఉన్నారు. ఆ మర్నాడూ ఉన్నారు. అప్పట్నుంచి నేను వెనక సందులోంచి వస్తున్నాను."

"వెనక సందులోంచా? అక్కడ దారంతా బురద కదా."

"నన్ను చూస్తే మీరు ఇబ్బందిపడతారని. ఇంటికొచ్చి టీకి నీళ్లు పెట్టను. మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు వినపడ్డాక పెడతాను. 'ఇప్పుడే వచ్చావా?' అని మీరడుగుతారు. 'ఇప్పుడే' అంటాను." ఆవిడ కప్పుని రెండు చేతుల్తో పట్టుకుంది. "మనిషికి ఇంటికి రావాలని ఉండకపోవడం తప్పేం కాదు. కానీ ఆ ఇంట్లో ఉన్నది నేను కదా. అందుకే ఆ హాస్టలు వాళ్లు అడగ్గానే వద్దనలేకపోయాను."

భూతద్దం లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"అది అందుకు కాదు" అన్నాడు. "నీకు గుర్తుందా, చాలా ఏళ్ల కిందట నువ్వు దిండు గలీబులు కుట్టావు. నీలం పువ్వులవి. మంచం మీద పరిచి నేను రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించావు."

"ఊఁ."

"నేను అంచు వేళ్లతో తడిమి, ఇక్కడ కుట్టు తప్పింది అన్నాను."

ఆవిడ కప్పు కిందపెట్టింది.

"రోజంతా బల్ల మీద తప్పులు వెతికి వెతికి, గేటు దాటినా కళ్లు ఆగవు. ఎదురుగా ఏది కనపడితే దాంట్లో అదే వెతుకుతాయి. అప్పుడు నీ మొహం చూశాను. పువ్వులవి మడిచి లోపల పెట్టేశావు, మళ్లీ తియ్యలేదు. మర్నాడు బస్సు దిగి ఆ బెంచీ మీద కూర్చున్నాను, కళ్లు కాస్త చల్లబడ్డాక వద్దామని. అలా అలవాటైపోయింది. నేను అక్కడ కూర్చునేది ఆ కళ్లు నీ మీద పడకూడదని."

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆవిడ మొహం నిదానంగా మారింది. కళ్లు తుడుచుకోలేదు గానీ, తుడుచుకోవాల్సిన అవసరం వచ్చింది.

"పిచ్చి మారాజా" అంది. "ఇది కదండీ రాయాల్సింది! నేను ఏవేవో అనుకుని..." అంటూనే పక్కనున్న ఫోను దగ్గరికి లాక్కుంది. "వాళ్లకి రానని చెప్పేస్తాను. రేపటిదాకా ఎందుకు."

కళ్లద్దాలు పెట్టుకుని, చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మెసేజి కొట్టడం మొదలుపెట్టింది.

భూతద్దం నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. ఇంకో నాలుగు అక్షరాలు పడితే ఆవిడ ఉండిపోతుంది. ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. కానీ బల్ల మీద కాగితం ఉంది. పొద్దున్న ఎంతో గర్వంగా ఇచ్చిన కాగితం. అందులోనూ అబద్ధాలేం లేవు, అవన్నీ ఒకప్పుడు నిజంగా జరిగినవే. ఇప్పుడివి కావు, అంతే. మళ్లీ అదే పని చేస్తున్నాడు. పాత నిజాన్ని కవర్లో పెట్టి కొత్తదిలా ఇస్తున్నాడు. ఆవిడ దాన్ని నమ్మి ఊళ్లో ఉండిపోబోతోంది. అది తట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఆగు" అన్నాడు.

వేలు ఆగింది.

"గలీబుల సంగతి మొదట్లోది. ఇప్పుడు అందుకు కూర్చోవట్లేదు."

"మరి?"

ఆయన కళ్లు నేలకేసుకున్నాడు. "ఈ మధ్య అక్కడ కూర్చుంటే... హాయిగా ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు. షాపువాడు లైట్లేస్తే, అయ్యో లేవాలే అనిపిస్తుంది. ఇంటికి రావాలని అనిపించదు. ఎందుకో నాకు తెలియదు. నువ్వేమీ చెయ్యలేదు. ఒట్టు, నువ్వేమీ చెయ్యలేదు."

ఆవిడ కళ్లద్దాలు తీసి జుట్టులోకి తోసుకుంది. తరవాత తెల్లగా ఉన్న వైపు కాగితాన్ని ఆయన ముందుకి జరిపి, పెన్ను దాని మీద పెట్టింది.

"ఇప్పుడన్నది రాయండి. పొద్దున్నుంచి మీరిచ్చిన వాటిలో తలుపు సంగతి ఒకటి మీది, ఇది రెండోది."

ఫోను పట్టుకుని లేచింది. సగం కొట్టిన మెసేజి తెరమీద అలాగే ఉంది. దాన్ని పంపలేదు, చెరపలేదు. గదిలోకి వెళ్తూ హాస్టలు వాళ్ల నంబరు కలిపింది. భూతద్దం పెన్ను పట్టుకున్నాడు గానీ చెవులన్నీ అటే ఉన్నాయి.

"నమస్తే మేడమ్, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను" అంది ఆవిడ అవతలి మనిషితో, అదే రిసెప్షన్ గొంతుతో. "రేపటిదాకా ఆగక్కర్లేదండీ. నేను నిర్ణయించుకున్నాను."

ఏమని నిర్ణయించుకుందో వినపడేలోపే తలుపు వేసుకుంది.